మడతలో రాసిన మాట

10 జూలై 1986, గురువారం

ఈ డైరీ జనవరిలో ఆఫీసులో ఇచ్చారు. ఇన్నాళ్లూ బీరువాలో పడి ఉంది. ఈ రోజు తీశాను, ఎందుకంటే ఎవరినో ఒకరిని తిట్టకపోతే నాకు అన్నం దిగేలా లేదు. ఎవరైనా చదువుతారన్న భయం కూడా లేదు. ఈ ఇంట్లో నేను కాక ఉన్నది అమ్మమ్మ ఒక్కతే. ఆమెకు అక్షరం ముక్క రాదు.

జకర్యాగారు వచ్చారు. మా చర్చి సంఘానికి సెక్రటరీ. నేను పుట్టక ముందు నుంచీ ఆయనే, నేను పోయాక కూడా ఆయనే ఉంటారేమో. అమ్మమ్మ బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి వారం వారం వచ్చి, మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి, కాఫీ తాగి వెళ్తున్నారు. మంచి మనిషి కదా అని నేనే నోరు తెరిచి అడిగాను.

"తాతగారూ, లేవలేని వాళ్లకి నెల మొదటి ఆదివారం ఇంటికే రొట్టె, ద్రాక్షరసం తెచ్చి ఇస్తారట కదా. అమ్మమ్మకి ద్రాక్షరసం పడదట, వచ్చే నెల రొట్టె ఒక్కటైనా తేవచ్చు కదండీ? పాస్టరు అయ్యగారితో చెప్పండి."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "నీకు తెలియదా అమ్మా? మీ అమ్మమ్మ జ్ఞానమణమ్మ చెప్పలేదా?"

"ఏ సంగతండీ?"

చెప్పారు. అమ్మమ్మ మూడడుగుల దూరంలో పడుకుని ఉండగానే చెప్పారు. ఆమెకు కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో అరిస్తే తప్ప వినబడదు. కాబట్టి ఆయనకేం మొహమాటం లేదు.

మా అమ్మ మార్త, సదాశివ అనే హిందూ కుర్రాణ్ణి గుడిలో పెళ్లి చేసుకుంది. అది నాకు తెలుసు. ఆ పెళ్లికి అమ్మమ్మ వెళ్లిందని, తలంబ్రాలయ్యాక నిలబడి అక్షింతలు వేసిందని తెలియదు. అమ్మ జ్వరంతో పోయింది, నాన్న మరో పెళ్లి చేసుకుని వరంగల్ వెళ్లిపోయాడు, అమ్మమ్మ నన్ను చంకనేసుకుని వచ్చింది. అదీ తెలుసు. అప్పుడు సంఘం పెద్దలు ఆమెను పిలిచి పిల్లను మిషను బోర్డింగులో వెయ్యమని, అక్షింతలు వేసినందుకు ఆదివారం సంఘం ముందు నిలబడి క్షమాపణ చెప్పమని అన్నారట. ఈమె రెండూ చెయ్యనంది. ఆ రోజు నుంచి ఆమెకు బల్ల ఆపేశారు. ప్రభు భోజనం ఇవ్వరు.

నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లుగా నెల మొదటి ఆదివారం ప్రసంగం అయిపోగానే ఆమె లేచి బయటికి వెళ్లిపోయేది. "ఎందుకమ్మమ్మా?" అంటే ఒకటే మాట చెప్పేది. "నాకు ఆ ద్రాక్షరసం పడదే. కడుపులో మంట."

నమ్మాను! ఎసిడిటీ అనుకున్నాను! మొన్న మొన్నటి దాకా ఆమెకు జెలుసిల్ తెచ్చి ఇచ్చాను!

11 జూలై

ఆమెతో మాట్లాడలేదు. కోపం ఏమీ లేదు. ఊరికే మాట్లాడలేదు.

13 జూలై, ఆదివారం

చర్చికి వెళ్లాను. ఎవరెవరికి తెలుసో మొహాలు చూస్తూ కూర్చున్నాను. అందరికీ తెలుసు. తెలియని మొద్దును నేనొక్కదాన్నే. నాకు స్థిరీకరణ అయిన రోజు, తెల్ల చీర కట్టుకుని మొదటిసారి బల్ల దగ్గరికి వెళ్లిన రోజు, ఆ చీర అంచు తన చేత్తో కుట్టింది ఆమె. నేను మోకాళ్లూని రొట్టె తీసుకుంటుంటే ఈ ఆడవాళ్లంతా నన్ను చూశారు. ఆమె లేదు. బిర్యానీ మాడిపోతుందని వెళ్లిందన్నారు. ఎవరన్నారు? ఆమే అంది.

ఆరాధన అయ్యాక జకర్యాగారు గేటు దగ్గర ఆపారు. ఆయన గొంతు మెత్తగా ఉంది, అది ఇంకా మండిస్తుంది.

"నేను కమిటీతో మాట్లాడానమ్మా. ఆగస్టు మూడున బల్ల ఉంది. జ్ఞానమణమ్మ లేవలేదు కాబట్టి ఆమె తరఫున నువ్వు నిలబడి నాలుగు ముక్కలు చదివితే చాలు. ఆ మధ్యాహ్నమే అయ్యగారు ఇంటికొచ్చి ఇస్తారు. ఆమెకు చెప్పక్కర్లేదు. చెబితే ఒప్పుకోదు, నీకు తెలుసు కదా."

"చదవకపోతే?"

"నియమం నియమమేనమ్మా. బల్లకు బయట ఉన్నవాళ్లని మన సమాధి తోటలో పెట్టరు. అబ్రహాం పక్కన చోటు ఖాళీగానే ఉంది. నేనే ఎవరికీ ఇవ్వకుండా కాపాడుకొస్తున్నాను. నా తర్వాత ఎవరు కాపాడతారు?"

అబ్రహాం మా తాత. లాలాగూడ రైల్వే షెడ్డులో ఫైర్‌మన్. నేను చూడలేదు. అమ్మమ్మ ఈస్టర్ తెల్లవారుజామున ఆ సమాధికి సున్నం వేయిస్తుంది, పక్కన ఖాళీ నేలలో గడ్డి కూడా తనే పీకుతుంది. "ఇది మన గది" అంటుంది.

అంటే నేను ఒక కాగితం చదివితే ఆమెకు బల్ల, తాత పక్కన చోటు రెండూ దొరుకుతాయి. చదవకపోతే రెండూ లేవు. ఆమె తప్పు ఒప్పుకున్నట్టు నేను చెప్పాలి. ఏమిటా తప్పు? నేనే కదా!

15 జూలై

మాట్లాడదామనుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా ఎడమ చెవి వైపు కూర్చున్నాను.

"అమ్మమ్మా, జకర్యాగారు ఒక సంగతి చెప్పారు."

"ఆఁ?"

"జకర్యాగారు!"

"వెళ్లిపోయాడుగా?"

"ఒక సంగతి చెప్పారు!"

పక్క వాటా ఎల్లమ్మ గోడ మీద నుంచి తల పెట్టింది. "ఏందమ్మా, ఏమైంది? జెర ముసలమ్మకి పానం బాగలేదా?" పగలు నేను బేగంపేట ఆఫీసులో ఉన్నప్పుడు అమ్మమ్మను తిప్పి పడుకోబెట్టేది, అన్నం పెట్టేది ఎల్లమ్మే. ఆమెను తప్పు పట్టలేను. కానీ ఈ సంగతి అమ్మమ్మతో మాట్లాడాలంటే మారేడ్‌పల్లి మొత్తానికి చెప్పాలి.

"ఏం లేదు ఎల్లమ్మా. పాలు విరిగాయి అంటున్నాను!" అని అదే గొంతుతో అరిచాను.

అమ్మమ్మ నా వంక చూసింది. "పాలు బాగానే ఉన్నాయిగా?" అంది.

16 జూలై

ఉత్తరం రాస్తాను. మధ్యాహ్నం భోజనం వేళ పోస్టాఫీసుకి వెళ్లి ఇన్‌ల్యాండ్ లెటర్లు తెచ్చాను. డైరీలో రాసుకోవచ్చు, తెల్ల కాగితం మీద రాసుకోవచ్చు. కానీ ఆమెకు ఉత్తరం అంటే ఆ నీలం కాగితమే. వేరేది ఏది చూపించినా "ఏంటే, కరెంటు బిల్లా?" అంటుంది.

చదువు రాని మనిషికి ఉత్తరం రాస్తున్నాను. ఆమెకు వచ్చిన ఏ ఉత్తరమైనా చదివి పెట్టేది నేనే. అంటే ఇది రాసేదీ నేనే, చదివేదీ నేనే. చిరునామా రాయాల్సిన చోట మా ఇంటి చిరునామానే రాశాను. మెంటల్ దాన్ని!

రాసింది ఇది:

"ప్రియమైన అమ్మమ్మకు మేబెల్ వందనములు చేసి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమము. అక్కడ నీవు క్షేమమని తలంచుచున్నాను."

అక్కడంటే ఎక్కడ? గోడ పక్కన మంచం. ఆమె క్షేమంగా లేదు. నేను అసలే లేను. చించేశాను.

17 జూలై

మళ్లీ అదే లైను. మళ్లీ చించాను. ఈ లైను లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఆమే నేర్పింది.

నాకు అక్షరాలు కూడుకోవడం రాగానే బాపట్లలో ఉన్న ఆమె చెల్లెలు కాంతమణికి ఉత్తరాలు నాచేతే రాయించేది. తిరుమలగిరిలో మిలిటరీ వాళ్ల బంగళాలో ఆయాపని చేసి వచ్చేది, కాళ్లు కడుక్కునేది, మంచం మీద కూర్చుని, "రాసుకో" అనేది. నేను పీట మీద కాగితం పెట్టుకుని కింద కూర్చునేదాన్ని. ఇవాళ మా మేనేజరు ఎంత గబగబా చెప్పినా నా పెన్సిల్ ఆగదంటే అది షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్ గొప్ప కాదు.

ఆమెకు ఒక వరస ఉంది. ముందు క్షేమం. తర్వాత వానలు, ఎండలు. తర్వాత ఎవరికి పిల్ల పుట్టింది, ఎవరు ప్రభువు దగ్గరికి వెళ్లారు. తర్వాత ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి వందనాలు. ఎవరి పేరు మర్చిపోయినా బాపట్లలో అలుగుతారు. తర్వాత "ఇక ఉండనా". అంతా అయిపోయాక, ఇన్‌ల్యాండ్ కవరుకి జిగురు ఉండే మడత పక్కన వేలెడు చోటు మిగులుతుంది చూడు, అసలు మాట అక్కడ. డబ్బు ఇబ్బందైనా, జబ్బైనా, అడగలేక అడిగేదైనా మడతలోనే.

"ముఖ్యమైంది పైన రాస్తే మిగతా ఉత్తరం ఎవరు వింటారే?" అనేది.

బాపట్ల నుంచి జవాబు వచ్చినప్పుడు అంతా చదివాక, "ఇప్పుడు మడత చూడు" అనేది. ఒకసారి మడత చూశాను. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో. "ఆ పిల్లను ఇంకెన్నాళ్లు మోస్తావక్కా, బోర్డింగులో వేసి నీ దారి నువ్వు చూసుకో" అని ఉంది. నేను కాగితం మడిచి, "ఏం లేదు అమ్మమ్మా" అన్నాను.

"కన్ను కదిలింది, నోరు కదల్లేదు. చదువు" అంది.

చదివాను. "రాసుకో. ఇక్కడ అందరం క్షేమం" అంది. జవాబులో వానల గురించి రాయించింది, మామిడికాయ ధర గురించి రాయించింది. మడత ఖాళీగా వదిలేసింది.

ఆ రోజు నుంచి నాకు ఆ మడత ఖాళీగానే ఉంది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా ఇప్పుడే చెప్పుకుంటున్నాను.

20 జూలై, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. తలనొప్పి అన్నాను. నిజంగా తలనొప్పే.

22 జూలై

జకర్యాగారు చీటీ పంపించారు. చక్కటి దస్తూరి. "మా అమ్మమ్మగారైన జ్ఞానమణిగారు తెలియక, లోక మమకారమునకు లోబడి చేసిన అపరాధమును సంఘము దయతో క్షమించి..."

లోక మమకారం అంటే నేను. చీటీని బైబిల్లో పెట్టాను. చింపాలని ఉంది, చింపలేదు. ఆమెకు ఏం కావాలో నాకు తెలియదు కదా.

తెలియదంటే పూర్తి నిజం కాదు. మొదటి ఆదివారం నేను ఇంటికి రాగానే, "ఈ రోజు బల్ల దగ్గర ఏ పాట పాడారే?" అని అడిగేది. చెబితే పాడమనేది. కూర కలుపుతూ వినేది. వంట అయిపోయిన రోజుల్లో కూడా ఏదో ఒకటి కలుపుతూనే వినేది. ఆమెకు కావాలి. అందుకే నాకు ఇంత తక్లీఫ్. నా రోషం కోసం ఆమె నోటి దగ్గర రొట్టె లాగేయడం న్యాయమా? చదివేస్తే పోతుంది, రెండు నిమిషాలు సిగ్గు. నాకు సిగ్గెక్కడుంది?

23 జూలై

చదవను. ఛస్తే చదవను.

25 జూలై

చదివేస్తానేమో.

27 జూలై, ఆదివారం

ఈ రోజు ఒక్క ఊపున రాశాను, క్షేమం లైను కొట్టకుండా. క్షేమమో కాదో, ఉత్తరం అన్నాక ఉండాలి. ఆమె వరసలోనే రాశాను. కానీ వానల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగలేదు.

"ఇక్కడ నేను క్షేమము. నీవు క్షేమమని తలంచుచున్నాను. వానలు పడుతున్నాయి. అమ్మమ్మా, నువ్వు నాకు అబద్ధం చెప్పావు. నీకు ద్రాక్షరసం పడకపోవడం కాదు, వాళ్లకి నువ్వు పడలేదు. నాకు చెప్పి ఉంటే నేను ఆ తెల్ల చీర కట్టేదాన్నా? వాళ్ల ముందు మోకాళ్లూనేదాన్నా? నీ పక్కనే లేచి బయటికి వచ్చేదాన్ని. ఆ పని నన్ను చెయ్యనివ్వకూడదనే నువ్వు చెప్పలేదు. నీకు అంత గర్వం! ఒక్కదానివే మోశావు, నాకు చిటికెడు కూడా పంచలేదు. నేను పరాయిదాన్నా? నాకు చెప్పకుండా దాచడానికి నువ్వెవరు? జకర్యాగారు చీటీ రాసిచ్చారు, నీ తరఫున తప్పు ఒప్పుకోమంటున్నారు. ఒప్పుకుంటే నీకు బల్ల, తాత పక్కన గది. నీకు చెప్పకుండా చదివేయమన్నారు. నీలాగే. ఈ సంఘంలో అందరూ ఒకరికి చెప్పకుండా ఒకరు మేలు చేసేవాళ్లే. ఎల్లమ్మ నీకు దండాలు చెప్పమంది. ఇక ఉండనా."

తర్వాత మడతలో ఒక లైను రాశాను. అది ఇక్కడ రాయను.

అతికించాను. ఇది పంపేది కాదు. పంపినా పోస్ట్‌మ్యాన్ నా చేతికే ఇస్తాడు. దిండు కింద పెట్టుకున్నాను.

30 జూలై

బల్ల గురించి కాదు నా బెంగ. అసలు బెంగే లేదు. ఆఫీసులో ఒక లెటర్‌ని మూడుసార్లు తప్పు టైప్ చేశాను, మేనేజరు పరేషాన్ అయ్యాడు. రిబ్బన్ బాగాలేదని చెప్పాను.

2 ఆగస్టు, శనివారం

ఆఫీసు ఒక్కపూటే. వచ్చేసరికి ఎల్లమ్మ మంచం దుప్పటి మారుస్తూ ఉంది. నా దిండు గలేబు కూడా ఉతకడానికి లాగింది. నీలం కవరు కింద పడింది.

అమ్మమ్మకు చెవులు లేవు గానీ కళ్లున్నాయి. "ఏంటే, బాపట్ల నుంచా?"

కాంతమణి చిన్నమ్మమ్మ పోయి నాలుగేళ్లయింది. అది ఆమెకూ తెలుసు.

"కాదు!" అని అరిచాను.

"మరి ఎవరిది? చదువు."

"నాదే!"

"నీకు ఎవరు రాశారే?" ఆమె మొహం వెలిగింది. నాకు ఎవరో కుర్రాడు రాశాడనుకుంది, ఖర్మ!

"నేనే రాశాను! నీకు!"

ఎల్లమ్మ గలేబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మమ్మ ఎడమ చెవి నా వైపు తిప్పి, కొంగు సర్దుకుని, ఉత్తరాలు వినేటప్పుడు కూర్చునే పద్ధతిలో దిండుకి ఆనుకుంది.

"అయితే చదువు. నాకు వచ్చిన ఉత్తరం నీ దగ్గర పెట్టుకున్నావేం?"

అప్పుడు నాకు తిక్క రేగింది. వింటే విననీ, సందంతా విననీ. చింపి చదివాను. అరిచి చదివాను. "నాకు ద్రాక్షరసం పడకపోవడం కాదు" అని ఆమె చెప్పినట్టు తప్పు చదివి, మళ్లీ వెనక్కి వెళ్లి "నీకు" అని చదివాను. "నీకు అంత గర్వం" అన్నప్పుడు ఎదురింటి కిటికీ తెరుచుకుంది. తెరుచుకోనీ. జకర్యాగారి చీటీ సంగతి చదివాను, బైబిల్లోంచి తీసి ఆ చీటీ కూడా చదివాను. "లోక మమకారమునకు లోబడి" దగ్గర నా గొంతు పగిలింది. అరిచి అరిచి పగిలింది, ఏడుపు కాదు. సరే, ఏడుపే.

"ఇక ఉండనా" అని చదివి కాగితం మడిచాను.

అమ్మమ్మ కదల్లేదు. "మడత?" అంది.

"ఏం లేదు."

"మేబెల్."

"ఏం లేదన్నానా!"

"కన్ను కదిలింది" అంది, చాలా మామూలుగా.

తెరిచి చదివాను. నెమ్మదిగా చదివాను, అందుకని వినబడలేదు. "ఆఁ?" అంది. చెవి దగ్గరికి వెళ్లి, ఇరవై ఏళ్లుగా అడగని మాటను మారేడ్‌పల్లిలో నిలబడి గొంతు చించుకుని అడిగాను.

"నన్ను తెచ్చుకున్నందుకు ఎప్పుడైనా బాధపడ్డావా!"

ఎల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఏం మాటనే అది, గిట్లడుగుతరా?" అంది.

అమ్మమ్మ తల నిమురుతుందనో, దగ్గరికి తీసుకుంటుందనో అనుకున్నాను. మాది అలాంటి ఇల్లు కాదు. ఆమె ఒక చేత్తో దుప్పటి సరిచేసుకుంది.

"ఇంకో ఇన్‌ల్యాండ్ ఉందా?"

"ఉంది!"

"కింద కూర్చుని రాసుకో."

పీట ఎక్కడుందో ఎల్లమ్మే వెతికి తెచ్చింది. నేను కింద కూర్చున్నాను. ఆమె చెప్పింది, నేను రాశాను. షార్ట్‌హ్యాండ్ కాదు, అక్షరాలే.

"సంఘ పెద్దలకు, అయ్యగారికి, జకర్యాకి జ్ఞానమణి వందనాలు చేసి రాయించేది. ఇక్కడ మేము క్షేమం, నా తుంటి తప్ప. మీరంతా క్షేమమని తలుస్తున్నాను. వానలు బాగున్నాయి. ఎల్లమ్మ కోడలికి ఆరో నెల. మా మేబెల్‌కి ఆఫీసులో పని ఎక్కువైంది, చిక్కిపోయింది. జకర్యా రాసిన చీటీ చదివించుకున్నాను. తెలియక చేశానని రాశాడు. తెలిసే చేశాను. నా కూతురి పెళ్లికి నేను కాక ఎవరు వెళ్తారు? అక్షింతలు రెండు చేతులతో వేశాను. పిల్లను బోర్డింగులో వెయ్యమన్నారు. ఆ రోజు పిల్లకి ఒళ్లు కాలిపోతోంది, నా కొంగు పట్టుకుని వదల్లేదు. ఎవరి చేతిలో పెట్టను? నాకు బల్ల కావాలా అంటే కావాలి. మొదటి ఆదివారం వస్తే ప్రాణం అటే లాగుతుంది. కానీ దీన్ని తప్పని చెప్పి తీసుకుంటే ఆ రొట్టె నాకు గొంతు దిగదు. నా మనవరాలు ఈ రోజు ఒక మాట అడిగింది, దాన్ని తెచ్చుకున్నందుకు బాధపడ్డావా అని. మీరు అడిగేదీ అదే. కాబట్టి ఇద్దరికీ ఒకటే జవాబు. బాధపడడానికి ఏమైనా ఉందేమోనని ఇన్నేళ్లుగా వెతికాను. ఈ మంచం ఎక్కాక తీరిక కూడా దొరికింది, బాగా వెతికాను. ఏమీ కనబడలేదు. కనబడితే రాయిస్తాను. పెద్దలకి, పిన్నలకి, పేరు పేరునా వందనాలు. ఇక ఉండనా."

నాకు కాగితం సరిగ్గా కనబడటం లేదు. అయినా ఒక్క ముక్క వదల్లేదు.

"మడతలో ఏం రాయను?" అని చెవిలో అరిచాను.

"అబ్రహాం పక్కన చోటు నాది. ఎవరికీ ఇవ్వొద్దని రాయి."

3 ఆగస్టు, ఆదివారం

ప్రసంగం అయ్యాక జకర్యాగారు నా పేరు పిలిచారు. ముందుకెళ్లి నిలబడ్డాను. తన చీటీ ఉంటుందనుకున్న నా చేతిలో నీలం కాగితం చూసి ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

నిన్నటి అలవాటుతో అరిచే చదివాను. వందనాలు, తుంటి, వానలు. ఎల్లమ్మ కోడలి మాట దగ్గర పిల్లలు నవ్వారు. "తెలిసే చేశాను" అన్నప్పుడు జకర్యాగారు సగం లేచారు. అయ్యగారు కొత్తగా వచ్చినవారు, నాకంటే చిన్నవారేమో. "చదవనివ్వండి" అన్నారు. రెండు చేతులతో వేశానన్న మాట చదువుతున్నప్పుడు ఆడవాళ్ల వైపు ఎవరో ముక్కు చీదారు. చివరిదాకా చదివాను. కాగితం మడవబోయి ఆగి, "మడతలో ఇంకో మాట ఉందండీ" అని అదీ చదివాను.

జకర్యాగారు దగ్గరికొచ్చారు. "ఇది క్షమాపణ కాదమ్మా" అన్నారు.

"కాదండి. ఉత్తరం."

"కమిటీలో పెట్టాలి."

"పెట్టండి. జవాబు రాస్తే నేను చదివి పెడతాను."

కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి మడతలోకి చూసి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు. చింపలేదు. ఆ ఒక్క పనికి ఆయన మీద నా కోపం కొంచెం తగ్గింది, కొంచెమే.

అయ్యగారు బల్ల మీది తెల్ల గుడ్డ తీశారు. వరసలు లేవడం షురూ అయింది. నేను నా చోటికి వెళ్లలేదు. మధ్య దారిలో నడుచుకుంటూ, అందరూ ముందుకొస్తుంటే నేను వెనక్కి, బయటికి వచ్చేశాను. అది ఎంత పొడుగు దారో అంతకు ముందు నాకు తెలియదు. ఆమె పక్కన ఒక్కసారైనా నడవలేదు కదా. చినుకులు పడుతున్నాయి. గేటు దగ్గర గొడుగు వేసుకుని నిలబడి, పాట మొదలయ్యాక ఇంటికి వచ్చాను.

ఎల్లమ్మ ఆమెకు తల దువ్వి కూర్చోబెట్టింది. నేను గుమ్మంలో కాలు పెట్టగానే అమ్మమ్మ మొదలుపెట్టింది.

"చదివావా?"

"చదివాను!"

"మడత కూడానా?"

"మడత కూడా!"

"ఏమన్నారు?"

"కమిటీలో పెడతారట!"

"పెట్టనీ. నాకేం తొందర, ఇప్పుడే పోవడం లేదుగా." అడగాలా వద్దా అన్నట్టు నా చేతులు చూసింది. "బల్లకి వెళ్లావా?"

"లేదు!"

"ఎందుకే? నిన్నెవరు ఆపారు?"

వంగి, ఎడమ చెవిలో, మారేడ్‌పల్లి అంతా వినేలా చెప్పాను.

"నాకు ఆ ద్రాక్షరసం పడదు! కడుపులో మంట!"

ఆమె నోరు తెరిచింది. తర్వాత నవ్వింది. తుంటి పట్టుకుని, "నవ్వించకే, నవ్వించకే ముండా, నొప్పి" అంటూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. ఎల్లమ్మకు ఏమీ అర్థం కాక ఆమె కూడా నవ్వింది.

నవ్వు ఆగాక అమ్మమ్మ నా తడిసిన చీర అంచు పట్టుకుని పిండింది.

"ఎక్కడ నిలబడ్డావు?"

"గేటు దగ్గర!"

"గేటు దగ్గరెందుకే, పిచ్చిదానా. వచ్చే నెల వెనక కిటికీ దగ్గర నిలబడు. చూరు కింద తడవవు. పాట చివరి చరణం దాకా వినబడుతుంది."